సేవ్ చేసినవాళ్లకు మెసేజ్ పెట్టి నేను పడ్డ అవమానం

నిన్న సాయంత్రం అడ్వాన్సు పడింది. సబ్బు పెట్టెల డిజైన్, మూడు సైజులు, రెండు విడతల సవరణలు, సగం డబ్బు ముందే. డిజైనర్లు తమ పని చూపించుకునే సైటు బిహాన్స్‌లో, నా ప్యాకేజింగ్ ప్రాజెక్టు కింద ఒకాయన పెట్టిన కామెంటుతో మొదలైంది ఈ పని.

ప్రాజెక్టు పెట్టడానికి ఒక పూట చాలింది. మూడు వారాల్లో నలభై సేవ్‌లు వచ్చాయి. ఎవరు మూడ్‌బోర్డులో దాచుకున్నారో నోటిఫికేషన్లలో చూసి, అందరికీ ఒకటే మెసేజ్ పంపాను: "నా పని నచ్చినందుకు సంతోషం, ప్యాకేజింగ్ అవసరముంటే చెప్పండి." పేర్లు మాత్రం మారుస్తూ పోయాను. ఒకచోట మార్చడం మర్చిపోయాను. ఆ అమ్మాయి నా ప్రాజెక్టు కిందే, అందరికీ కనిపించేలా రాసింది: "నేను స్టూడెంట్‌ని, అసైన్‌మెంట్ కోసం సేవ్ చేసుకున్నాను. మీరు రాసిన పేరు నా ఫ్రెండ్‌ది." దాని కింద ఇంకో ఇద్దరు, "నాకూ ఇదే వచ్చింది" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రాజెక్టే తీసేద్దామనిపించింది. తీయకుండా, అక్కడే క్షమాపణ చెప్పాను.

మర్నాడు సేవ్ చేసినవాళ్ల ప్రొఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాను. ముందు చేయాల్సిన పని అది. దాదాపు అందరూ డిజైనర్లు, విద్యార్థులు. సేవ్ అంటే వాళ్లకు రెఫరెన్స్, అంతే. "సూపర్ వర్క్, నా ప్రొఫైల్ కూడా చూడండి" అనే కామెంట్లకైతే జవాబివ్వడమే మానేశాను. వాళ్లకు మన పని అక్కర్లేదు, మన లైక్ కావాలి.

వారం తర్వాత వేరే రకం కామెంట్ వచ్చింది: "మూత మీద మెరుపు ఫాయిలా, మామూలు సిరానా? తక్కువ పెట్టెలకు గిట్టుబాటవుతుందా?" గిట్టుబాటు గురించి అడిగేది సాధారణంగా డబ్బు పెట్టేవాళ్లే. "మెసేజ్ చేయండి" అనకుండా అక్కడే వివరంగా రాశాను. అది ఫాయిల్ స్టాంపింగ్. దానికి విడిగా డై, అంటే లోగో ఆకారంలో లోహపు అచ్చు, చేయించాలి. పెట్టెలు వందైనా వెయ్యైనా డై ఖర్చు అంతే, అందుకే తక్కువ వేయిస్తే ఒక్కో పెట్టె మీద భారం పడుతుంది. అన్ని సైజుల మీదా లోగో ఒకే కొలతలో ఉంచితే ఒక్క డైతో సరిపెట్టవచ్చు. చివర్లో ఒక్కటే అడిగాను: "మీకు ఎన్ని సైజులు?"

ఆయనే ఇన్‌బాక్స్‌లోకి వచ్చి, ఇప్పుడున్న పెట్టె ఫొటో పంపారు. ధర చెప్పే ముందు ప్రింటర్ దగ్గరున్న, పెట్టె కోతలూ మడతలూ చూపించే డైలైన్ ఫైలు, సరుకు బయటికి వెళ్లాల్సిన తేదీ అడిగాను. మూడో రోజు కాల్, ఐదో రోజు ఒప్పందం.

ఆ కాల్‌లోనే తెలిసింది, నేను మెసేజ్ పంపిన నలభై మందిలో ఆయనా ఉన్నారని. ఏదో ప్రకటన అనుకుని చదవకుండానే వదిలేశారట.