కార్డియాక్ సైకిల్: గీతలు దాటుకునే చోట వెతకండి

ఫిజియాలజీ పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. కార్డియాక్ సైకిల్ స్లైడు తెరవగానే అందరికీ టెన్షనే. మూడు ప్రెషర్ గీతలు, కింద వాల్యూమ్, ఈసీజీ, గుండె చప్పుళ్లు, అన్నీ ఒక్క చోటే. నల్గొండ హాస్టల్‌లో దేవరకొండ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కు ఇది చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక దారి దొరికింది. ఎడమ వెంట్రికిల్ గీతను వేలితో పట్టుకుని పోవాలి. అది ఏట్రియం గీతను, అయోర్టా గీతను పైకెక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటుతుంది. దాటిన చోటల్లా ఒక వాల్వు మూసుకోవడమో తెరుచుకోవడమో జరుగుతుంది. మామూలు గుండెలో వాల్వు మూసుకుంటేనే చప్పుడు వినిపిస్తుంది, తెరుచుకుంటే వినిపించదు.

ఈసీజీలో క్యూఆర్ఎస్ ముందు వస్తుంది, ఆ వెంటనే వెంట్రికిల్ ప్రెషర్ లేస్తుంది. కరెంటు ముందు, కండరం తర్వాత. ప్రెషర్ ఏట్రియంను దాటగానే మైట్రల్ వాల్వు మూసుకుంటుంది, అదే మొదటి చప్పుడు. అయితే అయోర్టాలో అప్పటికే దాదాపు 80 మిల్లీమీటర్ల ప్రెషర్ ఉంది. అంతవరకు ఎక్కడానికి సుమారు 0.05 సెకను పడుతుంది. ఆ కాసేపు రెండు వాల్వులూ మూసే ఉంటాయి కాబట్టి వాల్యూమ్ గీత కదలదు. మీరు గీసిన బొమ్మలో ఇక్కడ వాల్యూమ్ తగ్గుతూ కనిపిస్తే, అయోర్టిక్ వాల్వును తొందరగా తెరిచేశారన్నమాట.

టీ వేవ్ దగ్గర చాలామంది తడబడతారు. అది మొదలయ్యేసరికి రక్తం ఇంకా అయోర్టాలోకి పోతూనే ఉంటుంది. రెండో చప్పుడు టీ వేవ్ శిఖరం కింద కాదు, అది ముగిసే చోట వేయండి. ఇంకోటి, వైవాలో అడిగితే చెప్పండి: ఎజెక్షన్ చివర్లో వెంట్రికిల్ ప్రెషర్ అయోర్టా కన్నా కాస్త తగ్గినా, ఊపు వల్ల రక్తం ముందుకే పోతుంది. అందుకే వాల్వు మూసుకోవడం కొంచెం ఆలస్యం.

ఇప్పుడు ఒక కేసు. వెంట్రికిల్‌లో 180, అయోర్టాలో 120. మధ్యలో 60 తేడా ఉందంటే అయోర్టిక్ వాల్వు సన్నబడింది. మర్మర్ ఎక్కడ మొదలవుతుంది? ఆ వాల్వు తెరుచుకున్నాకే. అంటే మొదటి చప్పుడుకూ మర్మర్‌కూ నడుమ చిన్న ఖాళీ ఉంటుంది. మధ్యలో పెరిగి, రెండో చప్పుడుకు ముందే తగ్గిపోతుంది. అదే మైట్రల్ వాల్వు లీకైతే ఖాళీ ఉండదు. వెంట్రికిల్ ప్రెషర్ ఏట్రియంను దాటిన క్షణం నుంచే రక్తం వెనక్కి చిమ్ముతుంది, రెండో చప్పుడు దాకా ఆగదు. అయోర్టిక్ వాల్వు మూసుకున్నాక కూడా వెంట్రికిల్ ప్రెషర్ ఏట్రియం కన్నా ఎక్కువే ఉంటుంది కదా, స్లైడులో ఆ ముక్క మీద స్కేలు పెట్టి చూడండి.