స్టోమాతో మళ్ళీ గుమాస్తా కుర్చీలోకి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో నేను గుమాస్తాగా పని చేస్తున్నాను. పురీషనాళం అడుగు భాగంలో వచ్చిన క్యాన్సర్‌కు మొదట రేడియేషన్, దానితోపాటు మాత్రల రూపంలో కీమో ఇచ్చి, తరువాత ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని మలద్వారంతో సహా తీసివేశారు. మిగిలిన పెద్దపేగు చివరను పొట్టకు ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టారు. మళ్ళీ లోపల కలపడానికి వీలులేని శాశ్వత కొలాస్టమీ ఇది. అలా బయటికి తెరుచుకున్న పేగు నోటినే స్టోమా అంటారు, మలం దాని మీద అంటించిన బ్యాగులోకి వస్తుంది. ఒంట్లో బలం నేను అనుకున్నదానికంటే త్వరగానే వచ్చింది కానీ, కొట్టుకు తిరిగి వెళ్ళాలంటే ఒకే ఒక్క భయం అడ్డుపడేది. ఇంట్లో మంచం మీద ఉన్నంతసేపు బుద్ధిగా ఉండే బ్యాగు, కుర్చీలో గంటసేపు కూర్చుని లెక్కలు రాస్తే చాలు, ప్లేటు కింది అంచు నుంచి కారడం మొదలుపెట్టేది. రైతులూ వ్యాపారులూ చుట్టూ నిలబడి ఉండగా అలా జరిగితే ఏమిటన్న ఆలోచనతోనే సెలవు పొడిగించుకుంటూ వచ్చాను.

విజయవాడలో స్టోమా ఉన్నవారు నెలకొకసారి కలుసుకునే చోటుకు మా తమ్ముడు నన్ను తీసుకువెళ్ళాడు. ఆ రోజు మాట్లాడిన స్టోమా నర్సు గారు అంతకుముందే ఫోనులో ఒక విచిత్రమైన కోరిక కోరారు. ఇంటి దగ్గర చివరిసారి మార్చిన ప్లేటును పారవేయకుండా, తుడిచి, కవరులో పెట్టి తెమ్మన్నారు. చర్మానికి అంటుకునే ఆ గుండ్రని జిగురు పలకనే మేము ప్లేటు అంటాం. బ్యాగు దానికి బిగుస్తుంది.

ఆమె ఉపన్యాసం ధైర్యవచనాలతో కాక ఒక ప్రశ్నతో మొదలైంది. “మీరు ప్లేటు ఏ భంగిమలో అంటించుకుంటున్నారు, పని ఏ భంగిమలో చేస్తున్నారు?” అని అడిగారు. మాలో ఎక్కువమంది పడుకునో, అద్దం ముందు నిలబడో అంటించుకుంటున్నాం. అప్పుడు పొట్ట చదునుగా ఉంటుంది. కూర్చోగానే స్టోమా పక్కన చర్మం ముడత పడుతుంది, ఆ ముడతలో ప్లేటు లేచి చిన్న కాలువ ఏర్పడుతుంది, మలంలోని తడి ఆ దారినే బయటికి వస్తుంది. కుట్టుమిషను దగ్గర ముందుకు వంగే దర్జీకి ఆ ముడత ఒక చోట పడుతుంది, రోజంతా కారు నడిపేవారికి సీటు బెల్టు ఒరుసుకునే చోట మరో ఇబ్బంది వస్తుంది. అందుకే ఉద్యోగానికి వెళ్ళే ముందు ఎవరి పని భంగిమలో వారు కూర్చుని, వంగి, పక్కకు తిరిగి, పొట్ట మీద ఎక్కడ గుంట పడుతోందో చూసుకోవాలని ఆమె చెప్పారు. ఆస్పత్రిలో మంచం మీద పడుకోబెట్టి నేర్పిన పద్ధతి తప్పు కాదు, అది మంచం మీద ఉన్న మనిషికి సరిపోయే పద్ధతి అన్నారు.

తరువాత ఒక్కొక్కరి ప్లేటును తిరగేసి చూశారు. జిగురు ఒంటి తడిని పీల్చుకుని రంధ్రం చుట్టూ కాస్త తెల్లగా ఉబ్బడం సహజం. ఆ తెల్లని వలయం అన్ని వైపులా ఒకే వెడల్పులో సన్నగా ఉంటే, ప్లేటు తన పని తాను చేసినట్టే. ఏదో ఒక వైపు మాత్రమే జిగురు కరిగి, గోధుమరంగు చార అంచు వరకు సాగి ఉంటే, ఆ దిక్కున చర్మం మీద ముడతో గుంటో ఉందని అర్థం. చుట్టూ అంతటా ఎక్కువగా కరిగి ఉంటే, రంధ్రం కొలత సరిపోకపోవడమో, మార్చవలసిన రోజు దాటిపోవడమో కారణం.

నా ప్లేటు చేతిలోకి తీసుకుని, “కూర్చుని చేసే పనేనా అన్నయ్య గారూ?” అన్నారు. గడియారంలో ఏడు అంకె ఉండే వైపు చార స్పష్టంగా సాగి ఉంది. పక్క గదిలో తెర వేసి, నన్ను మా కొట్టులో బల్ల ముందు కూర్చున్నట్టే ముందుకు వంగి కూర్చోమన్నారు. సరిగ్గా ఆ వైపునే స్టోమా కింద అడ్డంగా లోతైన ముడత పడింది. పడుకున్నప్పుడు దాని జాడే లేదు.

రెండో సంగతి కొలత పట్టినప్పుడు బయటపడింది. ఆపరేషన్ కాగానే స్టోమా వాపుతో పెద్దదిగా ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గి అసలు పరిమాణానికి వస్తుంది. నాకు డిశ్చార్జి రోజున ప్లేటు రంధ్రానికి నమూనాగా కత్తిరించి ఇచ్చిన అట్టముక్క రంధ్రం 45 మిల్లీమీటర్లు. ఇప్పుడు స్టోమా అడ్డుకొలత 32. ప్లేటులో రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. అంతకు మించితే మధ్యలో మిగిలిన చర్మం మీద మలం నిలిచి, ఒరుసుకుపోయి, చెమ్మ ఊరుతుంది. చెమ్మ ఊరే చర్మానికి ఏ జిగురూ అంటదు కనుక మళ్ళీ కారుతుంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు చాలా ప్లేట్లు మిగిలేవి. వాటి ధర తెలిసినవారికి నా బాధ అర్థమవుతుంది.

చికిత్సగా ఆమె చెప్పినవి చిన్నవే. రంధ్రాన్ని 35 మిల్లీమీటర్లకు తగ్గించాలి. ముడత పడే చోట, కూర్చున్న భంగిమలోనే, సాగే జిగురు రింగులోంచి ఒక ముక్క తుంచి గుంటను చర్మంతో సమం చేయాలి. ట్యూబులో వచ్చే పేస్టు కూడా ఆ పనే చేస్తుంది కానీ, చాలా పేస్టుల్లో ఆల్కహాలు ఉంటుంది కనుక ఒరుసుకున్న చర్మం మీద భగ్గుమని మండుతుంది. ఆ చర్మానికి ముందుగా స్టోమా పొడి పలుచగా చల్లి, అదనంగా ఉన్నది దులిపివేయాలి. చుట్టూ గోరువెచ్చని నీటితో కడిగి, గుడ్డతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. మా అమ్మ ఎర్రబడిన చర్మానికి కొబ్బరినూనె రాసేది. నూనె రాసిన చోట ప్లేటు నిలవదని, డెట్టాలు కూడా వద్దని నర్సు గారు గట్టిగా చెప్పారు. ప్లేటు పెట్టాక అరచేతిని దాని మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచాలి, ఒంటి వేడికే ఆ జిగురు బాగా పట్టుకుంటుంది.

మరొకరి సమస్య వేరు. ఆయన ప్లేటు కింద ముడత లేదు, కొలత సరిగ్గానే ఉంది, అయినా పై అంచు నుంచి కారుతోంది. గట్టిగా వచ్చే మలం బ్యాగులో కిందికి జారకుండా స్టోమా మీదే దిబ్బలా పేరుకుని ప్లేటును లేపుతోందని ఆమె పోల్చుకున్నారు. ప్యాంటు బెల్టు సరిగ్గా స్టోమా మీదుగా బిగించడం వల్ల బ్యాగు రెండు పొరలూ అతుక్కుపోతున్నాయి. బెల్టు మానేసి భుజాల మీదుగా వచ్చే పట్టీలు వాడమని, బ్యాగు పెట్టే ముందు లోపల కాస్త గాలి ఊది, కొన్ని చుక్కల బేబీ ఆయిల్ వేసి పొరలను నలపమని, గాలి పోయే ఫిల్టరు మీద బ్యాగుతోపాటు వచ్చే చిన్న స్టిక్కరు అతికించమని చెప్పారు. నూనె బ్యాగు లోపలికే, చర్మానికి కాదు అని నా వైపు చూసి మరీ అన్నారు.

బరువుల విషయం వచ్చినప్పుడు నేను మా కొట్టు సంగతి చెప్పాను. ఒక మిర్చి టిక్కీ దాదాపు 40 కిలోలు ఉంటుంది. హమాలీలు మోసేదే అయినా, కాటా దగ్గర ఒక చేయి వేయడం గుమాస్తాకు అలవాటు. పేగును బయటికి తేవడానికి పొట్ట కండరంలో చేసిన దారి ఎప్పటికీ బలహీనంగానే ఉంటుందని, బరువెత్తినా గట్టిగా దగ్గినా ఆ దారి వెడల్పై స్టోమా చుట్టూ హెర్నియా రావచ్చని ఆమె వివరించారు. మొదటి మూడు నెలలు రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. తరువాత సర్జను చెప్పిన మేరకు మెల్లగా పెంచుకోవచ్చు కానీ, నా విషయంలో టిక్కీ మీద చేయి ఇక ఎన్నటికీ వద్దన్నారు. హెర్నియా వస్తే పొట్ట ఆకారమే మారి, ఇప్పుడు సరిచేసిన ప్లేటు మళ్ళీ కారుతుంది. నేను మరిచిపోయిన సంగతి, ఆమె గుర్తుచేసింది, యార్డులోని ఘాటు. సీజనులో అక్కడ తుమ్మని మనిషి ఉండడు. మాస్కు పెట్టుకోవాలి, తుమ్ము వచ్చేటప్పుడు అరచేతితో స్టోమాను మెత్తగా లోపలికి అదిమి పట్టుకోవాలి.

నాలాగా మలద్వారం మూసివేసినవారికి కూర్చోవడం మరో చిక్కు. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రని దిండు అందరూ కొనిపెడతారు కానీ, అది పిరుదులను పక్కలకు లాగి కుట్టు మీద ఒత్తిడి పెంచుతుంది. మందపాటి ఫోమ్ దిండు మీద కూర్చుని, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమన్నారు.

ఇక నా రోజును ఆమే కాగితం మీద గీశారు. తిండి కడుపులో పడగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున ఈ కదలిక బలంగా ఉంటుంది. కనుక బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు టిఫిను, కాఫీ ముగిస్తే, మొదటి విరేచనం ఇంట్లోనే అయిపోయే అవకాశం ఎక్కువ. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువు పెరిగితే ప్లేటును కిందికి లాగుతుంది. ముందే కత్తిరించిన ప్లేటు, బ్యాగు, తడి గుడ్డ, కవరు ఒక డబ్బాలో పెట్టి కొట్టులోనే నీడపట్టున ఉంచాలి. స్కూటర్ డిక్కీలో పెడితే మన ఎండలకు జిగురు మెత్తబడి పనికిరాకుండా పోతుంది.

రోజూ నీళ్ళు ఎక్కించి పేగును కడిగేసుకుంటే బ్యాగు గొడవే ఉండదట కదా అని ఒకరు అడిగారు. పెద్దపేగు ఎడమ చివరి భాగంతో చేసిన కొలాస్టమీ ఉన్నవారికే అది వీలవుతుందని, రోజుకు ఇంచుమించు గంట పడుతుందని, హెర్నియా ఉన్నా రేడియేషన్‌తో పేగు దెబ్బతిన్నా చేయకూడదని, సర్జను ఒప్పుకున్నాక ఎదురుగా కూర్చోబెట్టి నేర్పవలసిన పని అని చెప్పి, వీడియోలు చూసి ప్రయత్నించవద్దని ఆమె కోరారు.

వేసవి సెలవుల తరువాత యార్డు తెరిచినప్పుడు నేను పనిలో చేరాను. సరుకు తక్కువగా వచ్చే రోజులు కావడం కలిసివచ్చింది. మా యజమానికి ఒక్కరికే విషయం పూర్తిగా చెప్పాను, ఆయన మొదట పూటపనికి ఒప్పుకుని, గోడౌను వెనక గొళ్ళెం, కుళాయి ఉన్న మరుగుదొడ్డి తాళం నా దగ్గరే ఉండనిచ్చారు. మార్చిన ప్రతి ప్లేటును ఇప్పటికీ తిరగేసి చూస్తాను. ఏడు అంకె వైపు చార ఆగిపోయింది. వర్షాకాలంలో ప్లేటు నాలుగు రోజులు నిలుస్తోంది. ఎండలు ముదిరాక చెమటకు తెల్లని వలయం మూడో రోజుకే వెడల్పవుతుంది కనుక, ఆ నెలల్లో కారేదాకా ఆగకుండా మూడో రోజు పొద్దున్నే మార్చేస్తున్నాను.