సగ్గుబియ్యం కార్డు

మొన్న ఫలితాలు వచ్చాయి. పాథాలజీ గట్టెక్కాను. సప్లిమెంటరీలోనే అనుకోండి, అయినా ఆ రోజు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతుంటే వశిష్ఠ గోదావరి కూడా కాస్త తేలిగ్గా పారుతున్నట్టు అనిపించింది. సెకండ్ ఇయర్ జూనియర్లు కొందరు ఎలా చదివావని అడిగారు. అన్ని చాప్టర్లూ చెప్పుకుంటూ పోను. కార్డులు రాయడంలో నేను చేసిన తప్పు, అమిలాయిడ్ అనే ప్రొటీన్ అవయవాల్లో చేరే అమిలాయిడోసిస్ జబ్బు గురించిన ఒక్క పేజీలో దాన్ని దిద్దుకున్న తీరు, ఇవి మాత్రం వివరంగా చెబుతాను.

మొదటిసారి పరీక్షకు ముందు కూడా నా దగ్గర కార్డులున్నాయి. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలుగా ఉంటే వాటిని ముక్కలుగా కత్తిరించి, రాతలేని వైపు రెండు వందల పైచిలుకు రాశాను. హాస్టల్లో అందరూ "చీటీలు రాస్తున్నాడు, పరీక్ష హాల్లో జాగ్రత్త" అని ఏడిపించారు. కార్డు ఒకవైపు "అమిలాయిడోసిస్: వర్గీకరణ, అవయవాల్లో మార్పులు" అని ఉండేది. రెండో వైపు చీమల బారులా పద్దెనిమిది పంక్తులు. దాన్ని తిప్పి చూసి, "ఆ, ఇది తెలిసిందే" అనుకుని పక్కన పెట్టేవాణ్ని. పద్దెనిమిదిలో పదకొండు గుర్తొచ్చాయా, ఏడే వచ్చాయా అని ఎన్నడూ లెక్క చూడలేదు. ఆ కార్డు లెక్క చూడనిచ్చేది కాదు కూడా.

వైవాలో ఎగ్జామినర్ ఒకటే అడిగారు: "సేగో స్ప్లీన్‌లో అమిలాయిడ్ ఎక్కడ చేరుతుంది?" రెడ్ పల్ప్ అన్నాను. "మరి లార్డేషియస్ స్ప్లీన్‌లో?" అన్నారు. అప్పుడు వైట్ పల్ప్ అన్నాను. అమిలాయిడ్ చేరిన ప్లీహం కనిపించే తీరులివి రెండూ, నేను చెప్పింది తారుమారు. నా కార్డు మీద అవి పదమూడు, పద్నాలుగో పంక్తుల్లో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చదివాను, ఏది దేనికో ఒక్కసారి కూడా నన్ను నేను అడుక్కోలేదు.

ఫెయిలై ఇంటికొచ్చాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. అరుగు మీద కూర్చుని ఇంటర్ చదివే మా చెల్లి చేతికి కార్డులిచ్చి అడగమన్నాను. మొదటి కార్డు అడిగింది, నేను రెండు నిమిషాలు ఏకరువు పెట్టాను. అది ఫోను వెలుగులో కార్డు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "అన్నయ్యా, నువ్వు చెప్పింది కరెక్టో కాదో నాకు ఎలా తెలుస్తుంది?" అంది. ఆ మాటతో నా కార్డుల జబ్బేమిటో తేలిపోయింది. వైద్యం తెలియని మనిషి కార్డు పట్టుకుని తప్పో ఒప్పో చెప్పలేకపోతే అది కార్డు కాదు, చిన్న కాగితం మీద దిగిన నోట్సు.

మర్నాడు ఆ పేజీని మళ్లీ మొదలుపెట్టాను. ఒక ప్రశ్న, ఒక జవాబు, జవాబు నాలుగైదు మాటల్లోపే. మొత్తం పద్నాలుగు కార్డులయ్యాయి. "సేగో స్ప్లీన్‌లో అమిలాయిడ్ ప్రధానంగా చేరే చోటు?" వైట్ పల్ప్ ఫాలికల్స్. "లార్డేషియస్ స్ప్లీన్‌లో?" రెడ్ పల్ప్ సైనసాయిడ్ల గోడలు. ఇవి రెండూ విడివిడిగా రాసినా మూడు రోజులు తారుమారవుతూనే వచ్చాయి. అప్పుడు "సేగో స్ప్లీన్‌లో గింజల్లా ఎందుకు కనిపిస్తుంది?" అని ఇంకో కార్డు రాశాను. జవాబు: ఫాలికల్స్ గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి కాబట్టి. సేగో అంటే మనం పాయసంలో వేసే సగ్గుబియ్యమే కదా. ఉడికిన గింజ దేనికది గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది. రెడ్ పల్ప్‌లో చేరినది అలా గింజ కట్టదు, ఒకదానితో ఒకటి కలిసిపోయి పటంలా పరుచుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ తడబడలేదు. రెండు కార్డులు ఒకదానికొకటి అడ్డం పడుతుంటే వందసార్లు తిప్పడం కన్నా "ఎందుకు" అనే మూడో కార్డు రాయడం మేలు.

చిన్న జవాబు ఉంటే చాలదని ఇంకో కార్డు నేర్పింది. "అమిలాయిడ్‌కు వేసే స్టెయిన్?" జవాబు: కాంగో రెడ్. నా స్నేహితుడు క్రిస్టల్ వయలెట్ అన్నాడు. తప్పన్నాను. నిజానికి అతను చెప్పిందీ ఒప్పే, అమిలాయిడ్‌కు దాన్నీ వాడతారు. తప్పు నా ప్రశ్నది. మార్చి, "కాంగో రెడ్ వేశాక రంగు?" అని రాశాను. అదీ కుంటిదే. మామూలు కాంతిలో గులాబీ నుంచి ఎరుపు, పోలరైజ్డ్ కాంతిలో ఆపిల్ ఆకుపచ్చ. చివరికి "కాంగో రెడ్ వేసిన అమిలాయిడ్ పోలరైజ్డ్ కాంతిలో ఏ రంగు?" దగ్గర ఆగాను. తెలిసినవాడు ఇంకో జవాబు చెప్పినా ఒప్పయ్యే అవకాశం ఉంటే ఆ ప్రశ్నను తిరగరాయాల్సిందే.

జాబితాల సంగతీ ఇంతే. "ఏఏ అనే అమిలాయిడ్ రకానికి కారణాలు?" అని రాసి ఐదు వ్యాధులు పెడితే నాలుగు చెప్పి ఒప్పేసుకుంటాం. దాన్ని తిప్పి రాశాను: "చాలా కాలంగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న రోగిలో వచ్చే అమిలాయిడ్ రకం?" ఏఏ. "మల్టిపుల్ మైలోమాలో?" ఏఎల్. "ఏళ్ల తరబడి హీమోడయాలిసిస్ చేయించుకునేవారిలో?" ఇక్కడే నా కార్డు నన్ను ముంచింది. క్లాసులో తొందరలో ఏ-బీటా అని మాత్రం రాసుకున్నాను, తోక వదిలేశాను. అది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. ఉత్త ఏ-బీటా అల్జైమర్స్ మెదడులో ఉండేది. రెండు వారాల పాటు తప్పు జవాబునే నిష్ఠగా వల్లించాను! అప్పటినుంచి పాఠ్యపుస్తకం పక్కన తెరిచిపెట్టుకోకుండా నోట్సు నుంచి కార్డు దింపలేదు.

మిగతాది మామూలే. పూతరేకుల ఖాళీ డబ్బాలో అట్టముక్కలతో మూడు అరలు చేశాను: రేపటివి, మూడు రోజుల తర్వాతవి, వారం తర్వాతవి. తప్పిన కార్డు ఏ అరలో ఉన్నా మొదటి అరకు వచ్చేస్తుంది. కార్డు తిప్పకముందే జవాబు పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే మనసు అబద్ధమాడుతుంది. నేను దాన్ని ఏడాదంతా నమ్మాను కాబట్టే చెబుతున్నాను. పెళ్లిళ్లకు, తీర్థానికి వెళ్లినా ఆ రోజు వంతు వదల్లేదు. ఇంట్లో వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి, వైవాలో వాళ్లు కూర్చోరు కదా.

కార్డులతోనే అంతా అయిపోదు. పెద్ద ప్రశ్నకు పద్నాలుగు ముక్కలు అతికించి రాస్తే సమాధానం అవదు. వారానికి రెండుసార్లు తెల్లకాగితం మీద కిడ్నీలో మార్పుల నుంచి నిర్ధారణ దాకా వరసగా రాసి చూసుకునేవాణ్ని. బొమ్మ గీయడానికీ, స్లైడు గుర్తుపట్టడానికీ మాటల కార్డు పనికిరాదు. దానికి మైక్రోస్కోపు దగ్గర కూర్చోవాల్సిందే.

ఈసారి వైవాలో స్ప్లీన్ రాలేదు. ఫ్యాటీ లివర్ అడిగారు. బయటికి రాగానే చెల్లికి ఫోను చేస్తే, అది అడిగిన మొదటి మాట, "సగ్గుబియ్యం అడిగారా?"