ఒత్తుల పాఠం: నాలుగోసారి తీశాక

ఎట్టకేలకు ఒత్తుల పాఠం దారికొచ్చింది. గుణింతాల పాఠాలన్నీ ఆరేసి నిమిషాల్లో హాయిగా అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. తొమ్మిదోదే మూడు వారాలు తినేసింది.

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు రాయడం నేర్పడానికి చేస్తున్న వీడియో సిరీస్ ఇది. ప్రతి పాఠం వరుస ఒకటే: పరిచయం, పాఠం, పునశ్చరణ, అభ్యాసం. ఏ నిమిషం దాకా ఎంతమంది చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్ తొమ్మిదోదానికి చూస్తే 5:10 దగ్గర గోడ దూకినట్టు పడిపోయింది. అభ్యాసం మొదలయ్యేది 5:50కి. అంటే రాయాల్సిన చోటికి దాదాపు ఎవరూ రాలేదు.

నిడివి ఎక్కువైందేమో అనుకున్నాను. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు, ఆరూ ఒకేసారి పెట్టేశాను. మూడింటికి తగ్గించి మళ్ళీ తీశాను. పాఠం బాగుపడింది గానీ గ్రాఫ్ మళ్ళీ పునశ్చరణ మొదలయ్యే వాక్యం దగ్గరే పడింది. పునశ్చరణ కింద వచ్చే సంగీతం ముగింపులోదే కదా అని దాన్నీ తీసేశాను. ఊహూఁ.

చివరికి మా అక్క కొడుకు చూస్తుంటే వీడియో కాల్‌లో గమనించాను. "ఇంతవరకు ఏం నేర్చుకున్నామంటే" అన్నానో లేదో, "అయిపోయింది పిన్నీ" అని ట్యాబ్ పక్కన పడేశాడు! ఆ మాటే వాడికి గంట కొట్టినట్టు.

నాలుగోసారి ఆ మాట ఎత్తేశాను. త ఒత్తు చెప్పగానే "అత్త రాయి" అంటాను, జవాబు చూపిస్తూ ఒత్తు ఎక్కడ పడిందో వేలితో దిద్దుతాను. పునశ్చరణ అదే. తర్వాత "అన్న", ఆ తర్వాత "అమ్మ". ఇప్పుడు గ్రాఫ్ నెమ్మదిగా దిగుతోంది గానీ గోడ లేదు.

ఇంకో తప్పు కూడా దొరికింది. రాయడానికి 5 సెకన్లు ఇచ్చాను, వాడికి "అత్త" రాయడానికి 14 పట్టింది. "వీడియో ఆపి రాయండి" అంటే పిల్లలు ఆపరు. ఇప్పుడు 20 సెకన్లు తెర మీదే ఉంచుతున్నాను. పూర్తి నిశ్శబ్దమైతే ముందుకు జరిపేస్తున్నారు, అందుకే పలక మీద బలపం గీసే చప్పుడు పెట్టాను.

పరిచయాన్ని 22 సెకన్ల నుంచి 8కి కోసేశాను. కింద పాత పాఠంలోని ఒక పదం, పైన ఈ రోజు అక్షరం, అంతే. వీడియో ఎడిటర్ డావిన్సీ రిజాల్వ్‌లో, అన్ని ప్రాజెక్టులకూ ఉమ్మడిగా ఉండే పవర్ బిన్‌లో దీన్ని దాచుకుంటే ప్రాజెక్టు మారినా అదే వస్తుంది. ఈ పనికి ఉచిత వెర్షనే చాలు, నెలనెలా డబ్బు కట్టే ఎడిటర్లు నాకైతే దండగ.

మిగతా య, ర, లలకు పదో పాఠం: అయ్య, చక్రం, పల్లె. "పల్లె"లో ఎత్వం పైన, ఒత్తు కింద. దాన్ని విడిగా పదకొండుకి జరపాలా అని ఆలోచిస్తున్నాను. "స్త్రీ" జోలికి మాత్రం ఇప్పట్లో పోను.