y(1) సున్నా అయ్యే చోటు కోసం

ఎమ్మెస్సీ రెండో సెమిస్టర్ ఇంటర్నల్‌లో ఒక లెక్కకు నాకు పదికి రెండు మార్కులు వచ్చాయి. సమీకరణం తెలిసిందే: y'' + λy = 0. ఒక కొసన y(0) = 0, రెండో కొసన y'(1) + y(1) = 0. సున్నా కాని సాధన ఉండే λ విలువలు, అంటే ఐగెన్ విలువలు, కనుక్కోవాలి. చూడగానే λ = n²π² అని రాసేశాను. పేపర్ పట్టుకుని సార్ దగ్గరికి వెళ్తే, "ఏమ్మా, ఆ π ఎక్కడినుంచి వచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. y(0) = 0, y(1) = 0 అన్న లెక్క అన్నిసార్లు చేసి, ఐగెన్ విలువ అంటే n²π² అనే నా మనసులో పడిపోయింది.

హాస్టల్‌కు వచ్చాక ముందు ఆ పాత లెక్కనే మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి సూత్రం లేకుండా. ఎడమ కొసన y = 0 అనుకుని, అక్కడ వాలు 1 అని నేనే పెట్టుకున్నాను. విలువ, వాలు రెండూ ఒకే చోట ఇస్తే, ఏ λ తీసుకున్నా దానికి సరిగ్గా ఒక్క సాధనే వస్తుంది. λ ధనాత్మకమైతే అది sin(√λ x)/√λ. ఇక మిగిలింది, ఆ వక్రం x = 1 దగ్గరికి చేరేసరికి ఎంత ఎత్తులో ఉందో చూడడమే.

λ = 5 పెడితే y(1) = 0.352. λ = 9 పెడితే 0.047. λ = 10 పెడితే −0.0065. గుర్తు మారింది కాబట్టి 9కీ 10కీ మధ్య ఎక్కడో సున్నాను దాటింది. ఆ చోటు 9.8696, అంటే π². (మొదట అరగంట సేపు గుర్తు మారనే లేదు. కాలిక్యులేటర్ స్క్రీన్ పైన చిన్న D అక్షరం ఉంది, అది డిగ్రీల్లో లెక్కిస్తోంది. ఇలాంటి లెక్కలకు రేడియన్ మోడ్‌లో ఉండాలి.)

అప్పుడు ఒక అనుమానం వచ్చింది. వాలు 1 అని నేనే కదా పెట్టుకున్నాను, వేరే వాలు పెడితే λ = 9 కూడా పనికొస్తుందేమో! వాలు 50 పెట్టి చూశాను. y(1) విలువ 0.047కు యాభై రెట్లయింది, అంతే. సమీకరణం సరళం కాబట్టి వాలు మారిస్తే వక్రం మొత్తం అదే నిష్పత్తిలో సాగుతుంది. సున్నా కాని సంఖ్యను ఎంతతో గుణిస్తే సున్నా అవుతుంది? సున్నాతోనే. అలా గుణిస్తే y మొత్తం సున్నా అయిపోతుంది, అదే ట్రివియల్ సొల్యూషన్.

నాకు విషయం పట్టుబడింది ఇక్కడే. ఎడమ కొస షరతు తీరాక మన చేతిలో మిగిలేది ఆ ఒక్క గుణకమే, దానితో కుడి కొసను సున్నాకు తేలేం. ఆ పని λ చేయాలి. λ మారితే వక్రం ఊగే వేగం మారుతుంది, సరిగ్గా x = 1 దగ్గర గీతను తాకే వేగాలు కొన్నే ఉంటాయి. π ఈ సమీకరణంలో ఎక్కడా లేదు. సైన్ సున్నా అయ్యే చోట్లనుంచి వచ్చింది, అదీ కుడి కొసన y = 0 అని అడిగాం కాబట్టి.

ఇక నేను తప్పు చేసిన లెక్క. λ = k² అనుకుంటే సాధన B sin kx. కుడి కొస షరతులో పెడితే B(k cos k + sin k) = 0. B సున్నా కాకూడదు కాబట్టి tan k = −k. దీన్ని సూత్రంతో విడదీయలేం. గ్రాఫ్ కాగితం మీద tan k గీతలు, వాటిని కోస్తూ కిందికి దిగే −k గీత గీశాను. మొదటి ఖండన 2.029 దగ్గర, తరువాతిది 4.913 దగ్గర. అంటే మొదటి ఐగెన్ విలువ సుమారు 4.116. నేను రాసిన 9.87కి సగం కూడా లేదు. ఖండనలు పైకి వెళ్లేకొద్దీ π/2 బేసి గుణిజాలకు దగ్గరవుతాయి తప్ప, nπకి ఎప్పుడూ దగ్గర కావు.

మర్నాడు ఆ గ్రాఫ్ సార్‌కి చూపించాను. చూసి, కుడి కొస షరతును y'(1) = 2y(1) అని మార్చి ఇచ్చారు. "λ రుణాత్మకం అయితే కుదరదని రాసేయకు, చూసి రాయి" అన్నారు. y(1) = 0 లెక్కలో λ = −k² పెడితే sinh వస్తుంది. అది 0 తరువాత మళ్లీ సున్నాకు రాదు కాబట్టి ఆ కేసును ఒక్క వాక్యంలో కొట్టేయడం నాకు అలవాటు. ఇక్కడ మాత్రం వచ్చిన షరతు tanh k = k/2. k = 1.915 దగ్గర రెండు వైపులా 0.9575 వచ్చింది. అంటే λ సుమారు −3.67కి కూడా సున్నా కాని సాధన ఉంది. ఇప్పుడు ఏ లెక్కలోనైనా λ > 0, λ = 0, λ < 0 మూడింటినీ విడివిడిగా రాసి, ఆ లెక్కకిచ్చిన కొసల షరతుల్లో పెట్టాకే ఏదైనా కొట్టేస్తాను.