బై ఎన్నో అడిగితే ముందు చూడాల్సింది సరి బేసి కాదు

వ్యాయామ విద్య సిలబస్‌లో ఫిక్చర్ల పాఠం, అంటే టోర్నమెంటులో ఎవరు ఎవరితో ఆడాలో పట్టిక గీయడం, నాకు సులువుగానే అనిపించింది. రెండు ఫార్ములాలు, ఒక బొమ్మ, అంతే కదా అని ఒక సాయంత్రంలో ముగించేశాను. తర్వాత రాసిన మాక్ టెస్టులో ఇదే పాఠం నన్ను పట్టేసింది. ప్రశ్న చిన్నదే: 11 జట్లకు నాకౌట్ ఫిక్చర్ గీయండి.

11 బేసి సంఖ్య. ఒక జట్టు మిగిలిపోతుంది కాబట్టి దానికి ఒక బై ఇచ్చాను, అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు పంపాను. మిగతా పది జట్లకు ఐదు మ్యాచ్‌లు. ఐదుగురు విజేతలు, బై జట్టు కలిసి ఆరు. ఆ ఆరుకి మూడు మ్యాచ్‌లు పెడితే మూడు జట్లు మిగిలాయి. మళ్లీ బేసి! ఇంకో బై ఇచ్చి, ఒక మ్యాచ్ ఆడించి, ఆ తర్వాత ఫైనల్ గీశాను. మొత్తం మ్యాచ్‌లు లెక్కపెడితే 5 + 3 + 1 + 1, అంటే 10. నాకౌట్‌లో N జట్లుంటే మ్యాచ్‌లు N − 1 అని నాకు తెలుసు, 11 − 1 కూడా 10. సరిపోయింది కదా అని ధీమాగా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. మార్కులు మాత్రం సున్నా.

ఆ సరిచూసుకోవడమే నన్ను మోసం చేసింది. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో జట్టు ఇంటికి వెళ్తుంది. పది జట్లు వెళ్లాలంటే పది మ్యాచ్‌లే కావాలి, మీరు బైలు ఎలా పంచినా సరే. కాబట్టి మ్యాచ్‌ల సంఖ్య సరిపోయినంత మాత్రాన ఫిక్చర్ సరైనదని కాదు. చూడాల్సింది రెండో రౌండులో ఎన్ని జట్లు ఉన్నాయన్నది. అది 2, 4, 8, 16 లలో ఒకటి అయి తీరాలి. నాకు ఆరు వచ్చాయి, తప్పు అక్కడే ఉంది. ఆ తప్పు వల్ల సెమీఫైనల్ దశలో ఒక జట్టు ఆడకుండానే ఫైనల్‌కు చేరుతుంది. నిజం టోర్నమెంటులో ఇలా చేస్తే మిగతా రెండు జట్ల పిల్లలు, వాళ్ల పీఈటీలు ఊరుకుంటారా? బైలన్నీ మొదటి రౌండులోనే అయిపోవాలన్న నియమం అందుకే.

ఇప్పుడు అదే 11 సరిగ్గా చేద్దాం. 11 కంటే పెద్దదైన తర్వాతి రెండు ఘాతం 16. 16 − 11 = 5, అంటే ఐదు బైలు. 16 అంటే 2 ను నాలుగుసార్లు గుణించాం కాబట్టి నాలుగు రౌండ్లు. జట్లను రెండు భాగాలు చేస్తే అప్పర్ హాఫ్‌లో ఆరు (1 నుంచి 6), లోయర్ హాఫ్‌లో ఐదు (7 నుంచి 11). బేసి వచ్చినప్పుడు ఎక్కువ జట్లు పైభాగానికి వెళ్తాయి.

ఐదు బైలలో పైకి ఎన్ని, కిందికి ఎన్ని అనేదానికి పుస్తకాల్లో వేరే ఫార్ములా ఉంటుంది. నేను దాన్ని బట్టీ పట్టడం మానేశాను. 16 స్థానాల్లో ఒక్కో భాగానికి ఎనిమిది వస్తాయి. పైన ఆరు జట్లున్నాయి, రెండు ఖాళీలు. కింద ఐదున్నాయి, మూడు ఖాళీలు. ఆ ఖాళీలే బైలు. ఇలా అర్థమయ్యాక, కింది భాగానికి బైలు ఎక్కువ ఎందుకొస్తాయన్న సందేహం కూడా పోయింది.

ఏ జట్టుకు ఇవ్వాలన్నదానికి వరస ఉంది. మొదటి బై లోయర్ హాఫ్ చివరి జట్టుకు, రెండోది అప్పర్ హాఫ్ మొదటి జట్టుకు, మూడోది లోయర్ హాఫ్ మొదటి జట్టుకు, నాలుగోది అప్పర్ హాఫ్ చివరి జట్టుకు. ఐదోది మళ్లీ లోయర్ హాఫ్ కింది నుంచే, చివరి దానికి ముందున్న జట్టుకు. మన లెక్కలో 11, 1, 7, 6, 10 జట్లకు బై. మొదటి రౌండులో 2 తో 3, 4 తో 5, 8 తో 9 ఆడతాయి. మూడే మ్యాచ్‌లు. ముగ్గురు విజేతలు, ఐదు బై జట్లు కలిస్తే ఎనిమిది. ఇక అక్కణ్ణుంచి 4, 2, 1 మ్యాచ్‌లతో కథ ముగుస్తుంది. ఏ జట్టుకు ఏ నంబరన్నది మాత్రం ముందే చీటీలు తీసి తేల్చాలి, లేకపోతే బై ఎవరికన్నది నిర్వాహకుడి చేతిలో ఉంటుంది.

సరి సంఖ్య అయితే బై ఉండదనుకోవడం కూడా ఇదే తప్పుకు మరో రూపం. 12 సరి సంఖ్యే, కానీ నాలుగు బైలు కావాలి. 17 అయితే ఇంకా తమాషా: తర్వాతి ఘాతం 32 కాబట్టి 15 బైలు, మొదటి రౌండులో ఒక్కటే మ్యాచ్!

మరి సరి బేసి ఎక్కడ పనికొస్తుంది? లీగ్‌లో. రౌండ్ రాబిన్ అంటే ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో ఆడటం. అలా ఆడించి పాయింట్లతో విజేతను తేల్చేదాన్నే మనం లీగ్ అంటాం. ఒక్కోసారి ఆడితే సింగిల్ లీగ్, మ్యాచ్‌లు N(N − 1)/2. రెండేసిసార్లు ఆడితే డబుల్ లీగ్, దానికి రెట్టింపు. సింగిల్ లీగ్‌లో జట్లు సరి అయితే N − 1 రౌండ్లు, బేసి అయితే N రౌండ్లు, రౌండుకు ఒక బై.

ఐదు జట్లతో సైక్లిక్ పద్ధతి చూడండి. బైని ఎడమవైపు పైన కదలకుండా పెట్టి, దాని కింద 1, 2 రాయాలి. కుడివైపు పై నుంచి 5, 4, 3. మొదటి రౌండు: 5 కి బై, 1 తో 4, 2 తో 3. ఇప్పుడు బై తప్ప అన్నిటినీ గడియారం తిరిగే వైపు ఒక్కో స్థానం జరపాలి. రెండో రౌండు: 1 కి బై, 2 తో 5, 3 తో 4. ఇలా ఐదు రౌండ్లకు పది మ్యాచ్‌లు. బై 5, 1, 2, 3, 4 వరసలో ప్రతి జట్టుకూ ఒక్కసారే వస్తుంది. ఒకే జట్టుకు రెండుసార్లు వచ్చిందంటే తిప్పడంలో ఎక్కడో తప్పారని అర్థం. నేను తరచూ చేసిన పొరపాటు బైని కూడా తిప్పేయడం. అందరూ కలిసి తిరిగితే అవే జోడీలు మళ్లీ మళ్లీ వస్తాయి.

బై అన్న మాట ఒకటే అయినా రెండు చోట్లా పని వేరు. నాకౌట్‌లో అది ఆడకుండా పై రౌండుకు వెళ్లడం, కొందరికే దక్కుతుంది. లీగ్‌లో అది ఆ రౌండుకు విశ్రాంతి మాత్రమే, పాయింట్లు రావు, అందరికీ సమానం. లీగ్ జోడీలను మెట్ల ఆకారంలో రాసే స్టెయిర్‌కేస్ పద్ధతిలో అయితే బై రాయనవసరమే లేదు. కానీ అది జోడీలు చెబుతుందే తప్ప ఏ రౌండులో ఎవరు ఆడాలో చెప్పదు.

ఏ పద్ధతి ఎంచుకుంటారని అడిగితే రోజులు లెక్కేయండి. ఒకే మైదానం, రోజుకు నాలుగు మ్యాచ్‌లు అనుకుందాం. 11 జట్ల నాకౌట్ మూడు రోజుల్లో అయిపోతుంది, కానీ మంచి జట్టు కూడా ఒక్క పూట ఆట బాగా లేకపోతే ఇంటికే. సింగిల్ లీగ్ అయితే 55 మ్యాచ్‌లు, 14 రోజులు, ఏ బడీ అన్ని రోజులు పిల్లల్ని పంపదు. 6, 5 జట్ల రెండు పూల్స్ చేసి లీగ్ ఆడిస్తే 15, 10 కలిపి 25 మ్యాచ్‌లు. ఒక్కో పూల్ నుంచి మొదటి రెండు జట్లతో సెమీస్, ఫైనల్ కలిపితే 28, వారం రోజులు. ఇక్కడ ఐదు జట్ల పూల్‌కు లీగ్ బై వస్తుంది, ఆరు జట్ల పూల్‌కు రాదు. సెమీస్‌కు సరిగ్గా నాలుగు జట్లే కాబట్టి నాకౌట్ బై అవసరమే పడదు.