రియల్ రిటర్న్: మైనస్ చేస్తే వచ్చేది కరెక్ట్ ఆన్సర్ ఎందుకు కాదు (బియ్యం బస్తాల లెక్క)

ఫ్రెండ్స్, ఆర్‌బీఐ గ్రేడ్ బి ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా, ఫైనాన్స్‌లో ఒక చిన్న టాపిక్ నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్‌లో చేరాను, అక్కడ చెప్పింది ఒక్క లైనే, నామినల్ రిటర్న్‌లోంచి ఇన్‌ఫ్లేషన్ తీసేస్తే రియల్ రిటర్న్ వస్తుంది అని. అదే నోట్స్‌లో రాసుకుని అదే బట్టీ పట్టేశా.

తర్వాత ఒక మాక్ టెస్ట్‌లో రిటర్న్ 12%, ఇన్‌ఫ్లేషన్ 7% ఇచ్చి రియల్ రిటర్న్ ఎంత అని అడిగారు, ఆప్షన్స్‌లో 5.00 ఉంది, 4.67 ఉంది. నేను రెండు సెకన్లలో 5 పెట్టేసి ముందుకెళ్లిపోయా, నెగెటివ్ మార్క్ పడింది. సొల్యూషన్‌లో ఫిషర్ ఈక్వేషన్ అని ఫార్ములా ఉంది (ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికన్ ఎకనామిస్ట్ పేరు మీద వచ్చింది), కానీ మైనస్ చేస్తే తప్పెందుకో మాత్రం ఎక్కడా లేదు, నాకు కావాల్సింది అదే.

లైబ్రరీలో నా పక్కన కూర్చుని చదువుకునే అక్క ఒకావిడ ఉండేది, తనని అడిగా. తను రఫ్ షీట్ వెనక్కి తిప్పి ఇలా రాసింది. నీ దగ్గర లక్ష రూపాయలు ఉన్నాయి, బియ్యం బస్తా వెయ్యి, అంటే ఈరోజు నీ డబ్బు 100 బస్తాలు. (లెక్క తేలిగ్గా ఉండాలని వెయ్యి అనుకున్నాం, ఎంవీపీ రైతు బజార్ రేటు కాదు.) ఏడాది తర్వాత లక్ష కాస్తా 1,12,000 అయింది, బస్తా 1,070 అయింది. మళ్లీ అదే 100 బస్తాలు కొనాలంటే 1,07,000 పోతాయి, చేతిలో 5,000 మిగులుతుంది. ఇక్కడి దాకా మైనస్ చేసే పద్ధతి కరెక్టే.

అప్పుడు అడిగింది, "తమ్ముడూ, ఆ మిగిలిన ఐదు వేలతో బస్తా ఎంతకి కొంటావు?"

నాకు అప్పుడు వెలిగింది. వెయ్యికి రాదు కదా, 1,070 పెట్టాలి. 5,000ని 1,070తో భాగిస్తే 4.67 బస్తాలే, 5 కాదు. మైనస్ చేసి ఆపేస్తే మనం ఏడాది చివర చేతికొచ్చిన లాభాన్ని పాత రేటుతో కొలుస్తున్నట్టు, ఆ లాభం విలువ కూడా ఇన్‌ఫ్లేషన్ వల్ల తగ్గిందన్న సంగతి వదిలేస్తున్నాం. అందుకే భాగించాలి:

```
1.12 / 1.07 = 1.0467
0.05 / 1.07 = 0.0467
```

మొదటి దాంట్లోంచి 1 తీసేస్తే రెండూ ఒకటే. ఎగ్జామ్‌లో నేను రెండోదే చేస్తా, ముందు మైనస్ చేసి, వచ్చినదాన్ని 1 ప్లస్ ఇన్‌ఫ్లేషన్‌తో భాగించడం, చేత్తో చేసేటప్పుడు ఇది తొందరగా అవుతుంది.

మరి మైనస్ చేయడం ఎప్పుడు ఫర్వాలేదు అంటే, ఇన్‌ఫ్లేషన్ తక్కువున్నప్పుడు. 7% రిటర్న్, 4% ఇన్‌ఫ్లేషన్ అయితే అసలు ఆన్సర్ 2.88, మనం 3 అంటాం, పెద్ద తేడా లేదు. అదే 60%, 50% ఇస్తే మైనస్‌తో 10 వస్తుంది, నిజంగా వచ్చేది 6.67, అంటే అసలు దానికంటే సగం ఎక్కువ చెప్పేసినట్టు. రిటర్న్ కంటే ఇన్‌ఫ్లేషన్ ఎక్కువైతే తేడా అవతలి వైపుకి పోతుంది, 5% రిటర్న్, 9% ఇన్‌ఫ్లేషన్‌కి మైనస్ 4 అనుకుంటాం కానీ అసలు నష్టం 3.67 శాతమే. క్వశ్చన్‌లో "సుమారుగా" అని ఉంటే మైనస్ చాలు, ఆప్షన్స్‌లో 5.00, 4.67 లాంటివి పక్కపక్కనే కనిపిస్తే మాత్రం భాగించమనే అర్థం.

ఇంకోటి, ఇది నిజంగా ప్రమాదం. అదే 12%, 7% పదేళ్లు కొనసాగితే డబ్బు 3.106 రెట్లు అవుతుంది, ధరలు 1.967 రెట్లు. కొంతమంది మొత్తం రిటర్న్ 210.6%లోంచి మొత్తం ఇన్‌ఫ్లేషన్ 96.7% తీసేసి 113.9% లాభం అని రాసేస్తారు. బస్తాల్లో చూడండి, 3,10,600 రూపాయలు, బస్తా 1,967, వచ్చేవి 158 బస్తాలు. పెరిగింది దాదాపు 58 శాతమే, వాళ్లు చెప్పినదాంట్లో ఇంచుమించు సగం. పీరియడ్ పెరిగేకొద్దీ ఇన్‌ఫ్లేషన్ నంబర్ పెద్దదవుతుంది కాబట్టి మైనస్ ఇక్కడ అస్సలు పనికిరాదు. ఇలాంటి క్వశ్చన్ వస్తే నేను ఇప్పటికీ రఫ్ షీట్ మీద ముందు బస్తా రేటు రాసుకునే మొదలుపెడతా.